గ్రాఫ్ సెర్చ్‌తో తొమ్మిది నెలలు: పాత తనఖాను పట్టించింది, ఇద్దరు మద్దిలేటిలను ఒకరిని చేసింది

సర్వే నంబరు 214/2 భూమి గురించి అడిగితే తనంతట తానే దాని పాత నంబరు 214 దగ్గరికి వెళ్ళింది. ఈ గ్రాఫ్ సెర్చ్ మీద నాకున్న ఇష్టమంతా ఆ ఒక్క అడుగుతోనే మొదలైంది.

కర్నూలులో ఒక లాయరు గారి ఆఫీసులో భూముల పత్రాలు చూసి లీగల్ ఒపీనియన్ రాయడం నా పని. మా దగ్గర సుమారు 700 దస్తావేజులకు మేమే టైపు చేసుకున్న సారాంశాలు ఉన్నాయి. అమ్మినవారు, కొన్నవారు, సర్వే నంబరు, హద్దులు, దస్తావేజు నంబరు అన్నీ అందులో ఉంటాయి. నా బావమరిది సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. వీటి మీద ప్రశ్నలు అడిగే చాట్‌బాట్ ఒకటి మొదట మామూలు పద్ధతిలో చేసిచ్చాడు. కాగితాలను చిన్న ముక్కలు చేసి, ప్రశ్నకు అర్థంలో దగ్గరగా ఉన్న ఆరు ముక్కలు తీసి, వాటిని చదివి జవాబు రాసే రకం అది. ఏడాది దానితోనే నెట్టుకొచ్చాం. ఆ తర్వాత గ్రాఫ్ పెట్టాడు. రెండూ ఇప్పటికీ నా కంప్యూటర్‌లో పక్కపక్కనే ఉన్నాయి. ఈ కింద రాసిన పేర్లు, నంబర్లు మార్చినవి.

ఒక రైతు నాలుగు ఎకరాలు కొందామని వచ్చాడు. సర్వే నంబరు 214/2. అమ్మే మనిషికి హక్కు ఎలా వచ్చింది, మధ్యలో ఎక్కడైనా కుదువ ఉందా అన్నదే ప్రశ్న. పాత బాట్‌ను అడిగితే ఆరు ముక్కలు తెచ్చింది. 2004 నాటి విక్రయ పత్రం, పాస్‌బుక్ నకలు, ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీ, ఇంకా మూడు. ఆ మూడింటిలో ఒకటి 241/2 ది, అంటే వేరే ఊరి భూమి. తనఖా ఏమీ లేదని జవాబు రాసింది.

అలా ఎందుకు జరిగిందో తర్వాత అర్థమైంది. దస్తావేజుల భాష అంతా ఒకే అచ్చు. ‘నా స్వాధీనానుభవములో ఉన్నట్టి’ అని మొదలై హద్దుల దాకా వాక్యాలన్నీ ఒకేలా ఉంటాయి. అర్థాన్ని అంకెలుగా మార్చి పోల్చే పద్ధతికి ఈ కాగితాలన్నీ ఒకదానికొకటి దగ్గరగానే కనిపిస్తాయి. మనకు ముఖ్యమైన తేడా సర్వే నంబరులోనో తండ్రి పేరులోనో ఉంటుంది, ఆ చిన్న తేడాను అది సరిగ్గా పట్టుకోదు. 214/2, 241/2 దానికి దాదాపు ఒకటే. అసలు కావలసిన కాగితంలో 214/2 అన్న మాటే లేకపోతే ఇక అది పైకి వచ్చే దారే లేదు.

జరిగిందీ అదే. 1983 నాటి అన్నదమ్ముల భాగపరిష్కార దస్తావేజులో ఆ పొలమంతా 214 గానే ఉంది. తర్వాత సబ్ డివిజన్ అయి 214/1, 214/2, 214/3 అయింది. ఆ సంగతి ఒక్క పాస్‌బుక్ నకలు మీద మాత్రమే రాసి ఉంది. 2004లో రెండో అన్నదమ్ముడు 214/2 అమ్మాడు. కొన్నతను 2009లో బ్యాంకుకు తనఖా పెట్టాడు, కానీ ఆ దస్తావేజు రాసినవాళ్ళు పాత నంబరు 214 వేసి హద్దులు మాత్రం సరిగ్గా రాశారు. 214/2 మీద తీసిన ఈసీలో అది కనబడదు.

గ్రాఫ్ పద్ధతిలో ముందే ఒక పని జరిగి ఉంటుంది. లాంగ్వేజ్ మోడల్ ప్రతి సారాంశాన్నీ చదివి అందులోని మనుషులు, సర్వే నంబర్లు, దస్తావేజులు, బ్యాంకులను విడదీస్తుంది. ఒక్కొక్కటి ఒక చుక్క. ఎవరు ఎవరికి అమ్మారు, ఏది దేనినుంచి విడిపోయింది, ఎవరు ఎవరి కొడుకు అన్నవి ఆ చుక్కల మధ్య గీతలు. ప్రశ్న అడిగినప్పుడు 214/2 చుక్క దగ్గర మొదలై రెండు మూడు గీతల దూరం దాకా వెళ్ళి, అక్కడున్న కాగితాలన్నీ జవాబు రాయడానికి ఇస్తుంది. 214/2 నుంచి విభజన గీత మీద 214కు, అక్కడినుంచి తనఖా గీత మీద 1843/2009 అన్న దస్తావేజుకు వెళ్ళింది. ప్రతి గీత పక్కనా అది ఏ కాగితం, ఎన్నో పేజీ అన్నది చూపించింది. నేను ఫైలు తీసి ఆ పేజీ తెరిచి హద్దులు పోల్చాను. తూర్పున వంక, పడమర బండిదారి. సరిపోయాయి. రైతు అడ్వాన్సు ఇవ్వకుండా ఆగాడు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం మామూలుది కాదు. మనం లింకు డాక్యుమెంట్లు అని ఏళ్ళ తరబడి చేత్తో చేసే పనిని అచ్చం అదే వరుసలో చేసి చూపించింది.

వారం తర్వాత అమ్మే మనిషి బ్యాంకు ఇచ్చిన రుణ విముక్తి రసీదు తెచ్చాడు. అప్పు తీరిపోయింది. రసీదును కూడా ఎక్కించాం. అయినా గ్రాఫ్ ఆ తనఖా ఇంకా ఉందనే చెప్పింది. రసీదులో సర్వే నంబరు లేదు, ‘2009 నాటి తనఖా దస్తావేజు’ అని మాత్రం ఉంది. దానికి వేరే చుక్క పుట్టింది, పాత దస్తావేజుతో కలవలేదు. ఇప్పుడు ప్రతి దస్తావేజుకూ నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మూడూ కలిపి ఒకే గుర్తు ఇస్తున్నాం. రసీదులో నంబరు లేకపోతే చేత్తో కలుపుతాను.

ఇక మద్దిలేటి విషయం. మద్దిలేటి నరసింహస్వామి పేరు పెట్టుకున్నవాళ్ళు మా వైపు ఊరికి ఎంతమంది ఉంటారో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. నందికొట్కూరు రోడ్డు వైపు ఒక ఇంటి స్థలం కొనడానికి రిటైరైన టీచరు ఒకాయన వచ్చారు. అమ్మే మనిషి పేరు మద్దిలేటి. గ్రాఫ్‌ను అడిగితే ఈయన మీద సివిల్ కోర్టులో దావా నడుస్తోందని, అందులో ప్రతివాది అని చెప్పింది. దావా కాగితం పేజీ నంబరు కూడా చూపించింది. తనఖా విషయంలో సరిగ్గా చెప్పింది కదా అన్న నమ్మకంతో నేను ఫైలు తెరవలేదు. నోట్ రాసి సీనియర్ గారికి ఇచ్చాను. ఆయన టీచరు గారికి ఫోన్ చేశారు. బేరం ఆగిపోయింది.

రెండు రోజులకు మద్దిలేటి ఆఫీసుకు వచ్చాడు. కోపంగా కాదు, చాలా బాధగా వచ్చాడు. దావా కాగితం మొదటి పేజీ నా ముందు పెట్టి, ప్రతివాది తండ్రి పేరు మీద వేలు పెట్టాడు. ‘మా నాయన పేరు ఇది కాదు సార్. ఆ మద్దిలేటి వేరే, మా పక్క వీధే’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆయనకు క్షమాపణ చెప్పి, టీచరు గారికి నేనే ఫోన్ చేశాను.

ఆ రాత్రి బావమరిది చూసి, ‘చూడు బావా, ఈ మద్దిలేటికి నలభై ఒక్క గీతలున్నాయి. మామూలుగా మనిషికి నాలుగైదు ఉంటాయి. ఇద్దరు నాయనలు కూడా ఉన్నారు’ అన్నాడు. పేరు ఒకటైతే చాలు, ఒకే చుక్కగా కలిపేస్తోంది. పైగా ఆ పేరు మీద వచ్చిన వివరాలన్నిటినీ మోడల్ ఒక పేరాగా కుదించి పెట్టింది. చదివితే ఒక మనిషి జీవితంలాగే ఉంది. ఎక్కడా అతుకు కనబడదు. నాకు భయం వేసింది అక్కడే. పాత బాట్ తప్పు చేస్తే తెచ్చిన ముక్క చూడగానే 241 కనబడేది. ఇది తప్పు చేస్తే కాగితాల ఆధారాలతో సహా, వరుస తప్పకుండా చెబుతుంది.

అప్పటినుంచి ప్రతి సోమవారం ఈ చిన్న ప్రశ్నతో గ్రాఫ్‌ను వెతుకుతాను:

```
MATCH (p:Person)-[:CHILD_OF]->(f:Person)
WITH p, collect(DISTINCT f.name) AS fathers
WHERE size(fathers) > 1
RETURN p.name, fathers
```

ఒకరికి ఇద్దరు తండ్రులు కనబడితే, తండ్రి పేరును రెండు రకాలుగా రాశారేమో ముందు చూస్తాను. కాకపోతే ఇద్దరు మనుషులు కలిసిపోయినట్టే.

గుర్తును కూడా మార్చాం. పేరు, తండ్రి పేరు, ఊరు కలిపితేనే ఒక మనిషి. కలిసిపోవడం చాలావరకు తగ్గింది, దానికి బదులు విడిపోవడం మొదలైంది. ఒకావిడ 1990లలో తండ్రి పేరుతో, పెళ్ళయ్యాక భర్త పేరుతో సంతకం చేసింది. గ్రాఫ్‌కు ఆమె ఇద్దరు, హక్కుల వరుస మధ్యలో తెగింది. ఊరి పేరుతో జిల్లా కూడా కలిపి చూశాం. 2022లో నంద్యాల జిల్లా వేరయ్యాక ఒకే ఊరు కర్నూలు జిల్లాలో ఒకటి, నంద్యాల జిల్లాలో ఒకటి అయి కూర్చుంది. 1985లో మండలాలు రాకముందు దస్తావేజుల్లో తాలూకా పేరు ఉంటుంది, అదింకో చుక్క. జిల్లా, తాలూకా తీసేశాం. ఇప్పుడు అనుమానం ఉన్న రెండు పేర్లను కలపదు, విడదీసి వదిలేయదు కూడా. ‘ఇద్దరూ ఒకరే కావచ్చు’ అన్న గీత గీసి నా ముందు పెడుతుంది. నేను కాగితం చూసి ఔననో కాదనో నొక్కుతాను. వారానికి పది పన్నెండు వస్తాయి, ఒక గంట పడుతుంది.

ఖర్చు గురించి ఒక్క మాట. కొత్త దస్తావేజు చేర్చడానికి పెద్దగా ఏమీ కాదు. కానీ ఏం విడదీయాలో చెప్పే సూచన మార్చినప్పుడల్లా 700 సారాంశాలనూ మోడల్‌తో మళ్ళీ చదివించాలి. మేము ఇప్పటికి మూడుసార్లు చదివించాం.

ఒకే దస్తావేజులో జవాబు దొరికే ప్రశ్నలకు నేను ఇప్పటికీ పాత బాట్‌నే అడుగుతాను. దక్షిణం హద్దు ఏమిటి, దారి హక్కు షరతు ఏమని రాశారు లాంటివి. షరతుల వాక్యాలు గీతలుగా మారేటప్పుడు సగం రాలిపోతాయి, ముక్కలో మాత్రం రాసింది రాసినట్టే ఉంటుంది. మూడు తరాలు, నాలుగు దస్తావేజులు దాటి వెళ్ళాల్సిన ప్రశ్నకు మాత్రం గ్రాఫ్ తప్ప ఇంకొకటి నా మనసుకు ఒప్పదు.

మా ఆఫీసుకు ఇది పనికొచ్చింది. బావమరిది ఇంట్లోనే ఉన్నాడు, సారాంశాలు ముందే టైపు చేసి ఉన్నాయి, అవే మనుషులు, అవే ఊర్లు మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఒక్కొక్క క్లయింటుకు విడివిడిగా నాలుగు కాగితాలు చూసే ఆఫీసైతే ఇంత పెట్టమని నేను చెప్పలేను. మద్దిలేటి స్థలం చివరికి టీచరు గారే కొన్నారు. రిజిస్ట్రేషన్ రోజున నేనూ వెళ్ళాను, తండ్రి పేరు ఉన్న పేజీ మరోసారి చూసుకున్నాను.