ఆధార్ ఫొటోలు సర్వర్‌లో ఎన్నాళ్లు: 24 గంటలా, 30 రోజులా, డెలివరీ తర్వాత 3 రోజులా?

కార్డుల ఫొటోలు అప్‌లోడ్ చేస్తే ప్రింట్ తీసి ఇంటికి పంపే ఒక చిన్న ప్రింటింగ్ సేవను తీసుకుందాం. ఫైళ్లు అమెజాన్ క్లౌడ్ నిల్వ సేవ అయిన ఎస్3లో ఉంటాయి, రోజుకు 40 ఆర్డర్లు వస్తాయి. శనివారం రాత్రి 8 గంటలకు ఒకరు ఆధార్ ఫొటో పంపారు, సోమవారం ప్రింట్ తీశారు, మంగళవారం డెలివరీ అయింది, అంచు తెగిందని బుధవారం ఫిర్యాదు వచ్చింది.

24 గంటల గడువు చూడడానికి భద్రంగానే ఉంటుంది. ఫైళ్లను గడువు తీరగానే వాటంతటవే తొలగించేలా ఎస్3లో పెట్టుకునే నియమంలో కనీస గడువు ఒక రోజు. అప్‌లోడ్ సమయానికి ఆ రోజును కలిపి, ఆ తర్వాత వచ్చే యూటీసీ అర్ధరాత్రికి, అంటే మన ఉదయం 5:30కి, గడువును జరుపుతుంది. ఆ లెక్కన శనివారం నాటి ఫొటోకు సోమవారం ఉదయం 5:30కే, దుకాణం తెరవకముందే, గడువు తీరిపోతుంది. అప్పుడు సిబ్బంది చేసేది ఒక్కటే: “వాట్సాప్‌లో మళ్లీ పంపండి” అని అడగడం. ఆ కాపీ ఉద్యోగి ఫోన్‌లో, దాని గ్యాలరీలో, బ్యాకప్‌లో ఏ గడువూ లేకుండా ఉండిపోతుంది. మరీ బిగించిన గడువు గోప్యతనే దెబ్బతీసేది ఇక్కడే.

30 రోజులైతే బుధవారం నాటి ఫిర్యాదుకు ఇబ్బంది లేదు. కానీ ఏ రోజు చూసినా దాదాపు 1,200 ఆర్డర్ల కార్డులు నిల్వలో ఉంటాయి, ఒక్క తాళం పోతే అన్నీ బయటపడతాయి. అవసరం తీరిన వ్యక్తిగత సమాచారాన్ని తొలగించాలన్న 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం ముందు ఈ గడువును సమర్థించుకోవడమూ కష్టమే.

నా మొగ్గు మూడో దానివైపు: గడియారం అప్‌లోడ్ నుంచి కాక డెలివరీ నుంచి మొదలవ్వాలి. మూడు రోజుల్లో డెలివరీ, మరో మూడు రోజుల గడువు అనుకుంటే నిల్వలో ఉండేవి సుమారు 240 ఆర్డర్లే. అయితే ఎస్3 నియమానికి డెలివరీ సంగతి తెలియదు. అది ఫైలు పుట్టిన రోజు నుంచే లెక్కిస్తుంది కాబట్టి తొలగించే పని ఆర్డర్ల ప్రోగ్రామే చేయాలి. రద్దయిన ఆర్డర్‌కు డెలివరీ తేదీ ఎప్పటికీ రాదు గనుక, అప్‌లోడ్ నుంచి 14 రోజులకు తుడిచేసే ఎస్3 నియమాన్ని వెనుక కాపలాగా పెట్టాలి. ఆ ప్రోగ్రామ్ రాసేవారు లేకపోతే, అప్‌లోడ్ నుంచి 7 రోజులు పెట్టుకోవడం 30 కంటే మేలు.

గడువు ఏదైనా, ఫైలు నిజంగా పోయిందో లేదో విడిగా చూడాలి. ఫైళ్లుండే ఎస్3 బకెట్‌లో, పాత ప్రతులను దాచి ఉంచే వెర్షనింగ్ ఆన్‌లో ఉంటే `Expiration` నియమం తొలగింపు గుర్తు మాత్రమే పెడుతుంది, పాత ప్రతి అలాగే ఉంటుంది. దానికి `NoncurrentVersionExpiration` కూడా రాయాలి. కన్సోల్‌లో `Show versions` ఆన్ చేస్తే ఆ ప్రతులు కనిపిస్తాయి. వేరే ఫోల్డర్‌లో తయారయ్యే చిన్న సైజు ప్రతిబింబాలకు ఈ నియమం వర్తిస్తోందో లేదో, గడువు తీరిన ఒక ఆర్డర్‌లో ఆ ప్రతిబింబపు పాత లింకును తెరిచి చూస్తే తెలిసిపోతుంది.