ఆ బుకింగ్ యాప్ జోలికి పోకండి సార్లూ, మేడమ్‌లూ

నల్గొండ కాలేజీల స్టాఫ్‌రూముల చుట్టూ ట్యాబ్ పట్టుకుని, పిల్లలు డౌట్లకు మన టైమ్ బుక్ చేసుకునే యాప్ అమ్ముతూ తిరుగుతున్నాడే, అతని గురించే. పేరు రాయను, మీకు తెలుసు. ఏడాదికి 2,400 కట్టాను. నా ఫోన్ తీసుకుని అకౌంట్ కూడా తనే తెరిచి ఇచ్చాడు. ఎంత మంచివాడో అనుకున్నాను.

క్లాసులో చెప్పాను: ప్రతి బుధవారం మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా నా గదిలో ఉంటాను, ఒక్కొక్కరికి 15 నిమిషాలు, లింకులో స్లాట్ పెట్టుకుని రండి అని. ముగ్గురు పెట్టుకున్నారు. నా ఫోన్‌లో మొదటి స్లాట్ 2:00 అనే ఉంది. బుధవారం రెండింటి నుంచి నాలుగింటి దాకా కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు. ఈ కాలం పిల్లలకు డౌట్లెక్కడివి అని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

రాత్రి 7:35కు ఫోన్. "సార్, గేటుకు తాళమేసి ఉంది. నా స్లాట్ ఏడున్నరకే కదా సార్?" ఆ అమ్మాయిని నకిరేకల్ నుంచి వాళ్ల నాన్న బండి మీద తీసుకొచ్చాడు. చలిలో గేటు ముందు నిలబడ్డారు ఇద్దరూ. ఆయన ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధ. మిగతా ఇద్దరూ రాత్రి టైమ్ చూసి ఊరుకున్నారట.

సంగతేంటంటే, అకౌంట్‌ను GMT+00:00లో తెరిచాడు మహానుభావుడు. నేను పెట్టిన 2:00 గ్రీనిచ్ టైమ్‌లో రెండు గంటలు. పిల్లల ఫోన్లు మన టైమ్‌కు మార్చి 7:30 అని చూపించాయి. నాకేమో అకౌంట్ టైమే కనిపిస్తుంది కాబట్టి అంతా సరిగ్గా ఉన్నట్టే ఉంది.

అతనికి ఫోన్ చేస్తే నవ్వాడు. "జాగ్రఫీ సార్ కదా మీరు, టైమ్ జోన్ చూసుకోలేదా?" అన్నాడు. తను తెరిచిన అకౌంట్‌కు! డబ్బులు వాపసు ఇవ్వమంటే ఏడు రోజులు దాటాయట. నవ్వినా తప్పులేదేమో. 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం, డిగ్రీకి 4 నిమిషాలు, మొత్తం 330 నిమిషాలు, అంటే అయిదున్నర గంటలు అని ఏటా బోర్డు మీద వేసేది నేనే. నా స్క్రీన్ మీద మాత్రం కనిపించలేదు.

ఇప్పటికే కొన్నవాళ్లు సెట్టింగ్స్‌లో GMT+05:30 ఉందో లేదో చూడండి, లింకును ఒకసారి వేరే ఫోన్‌లో తెరవండి. యూపీఐ యాప్‌లో ఆటోపే కూడా చూసుకోండి, నాకు వచ్చే ఏడాదికి కూడా పెట్టేశాడు. రద్దు చేశాను.

మా పిల్లలు చదువుతుంటే: బుధవారం 2 నుంచి 4, మార్పు లేదు. నా గది తలుపుకు ఎనిమిది గడుల కాగితం అంటించాను. ఖాళీ గడిలో రోల్ నంబరు, ఏ పాఠంలో డౌటో రాయండి. రాలేకపోతే ఒంటిగంట లోపు కొట్టేయండి, ఇంకొకరు రాసుకుంటారు.