‘ఏముందో చూసి చెప్పండి’ అన్నప్పుడు పివట్ టేబుల్: ఎనిమిదేళ్ల వాడకం తరువాత ఒక సమీక్ష

కాకినాడ ప్రాంతంలో సిమెంటు, ఇనుము అమ్మే ఒక డీలరుగారు ఈ జనవరిలో తన అమ్మకాల ఎక్సెల్ షీటును మా ఉమ్మడి ఫోల్డరులో అప్‌లోడ్ చేసి ఫోను చేశారు. “అందులో ఏముందో ఒకసారి చూసి, నాలుగు ఇన్‌సైట్స్ చెప్పండి సార్” అన్నారు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. షీటులోని వరుసలను మనం కోరిన తీరులో కూడి చిన్న పట్టికగా చూపే పివట్ టేబుల్ కావాలని ఆయన అడగలేదు, ఏ లెక్క కావాలో కూడా అడగలేదు. ఎనిమిదేళ్లుగా నా దగ్గరికి వచ్చే పనిలో సగానికి పైగా ఇలాంటిదే. ఈ రకం పనికి ఎక్సెల్‌లోని పివట్ టేబుల్ ఎంతవరకు నిలబడుతుందో, ఎక్కడ మొండిచేయి చూపిస్తుందో ఈ ఒక్క షీటును ముందు పెట్టుకొని చెబుతాను.

మొదటి రోజుల్లో ఇలాంటి అభ్యర్థన రాగానే ఏడెనిమిది పివట్‌లు చేసి పంపేవాణ్ణి: నెలవారీ, సరుకువారీ, ఊరువారీ, సేల్స్‌మ్యాన్‌వారీ, ఇంకా ఏదైనా మిగిలితే అది కూడా. ఒక పెద్దాయన అవన్నీ ఓపికగా తిరగేసి, “ఇంతకీ నన్నేం చెయ్యమంటావు బాబూ?” అని అడిగారు. అప్పటినుంచి నా పద్ధతి మారింది. అడిగిన మనిషి తన చేతిలో ఉన్న వేటిని మార్చగలడో ముందు రాసుకుంటాను. సిమెంటు డీలరు చేతిలో ఉండేవి మూడే: ఎవరికి ఎంత అప్పు ఇవ్వాలి, సేల్స్‌మ్యాన్‌ను ఏ రూటుకు పంపాలి, ఎంత సరుకు నిల్వ పెట్టుకోవాలి. ఈ మూడింటిలో ఒక్కదాన్నైనా కదిలించని టేబుల్‌ను, చూడటానికి ఎంత ముచ్చటగా ఉన్నా, పంపను.

అయితే ఆ టేబుల్ కంటే ముందు ఒక తనిఖీ పివట్ చేస్తాను, దాన్ని ఎవరికీ చూపించను. షీటులో ఒక్కో వరుస దేన్ని సూచిస్తుందో తెలుసుకోవడం మొదటి పని. ఈ షీటులో ఒక వరుస అంటే ఒక బిల్లు కాదు, బిల్లులోని ఒక సరుకు. ఈ సంగతి పట్టించుకోకుండా Count పెడితే వచ్చేది బిల్లుల సంఖ్య కాదు, సరుకుల వరుసల సంఖ్య. తరువాత షీటును Ctrl+T తో టేబుల్‌గా మార్చి, పార్టీ పేరును Rows లో, పన్ను కలపని విలువను Values లో వేశాను. వచ్చిన మొత్తం అకౌంటెంటు దాఖలు చేసిన జీఎస్టీఆర్-1 లెక్కకు దాదాపు రెట్టింపు ఉంది. పివట్ అడుగున పార్టీ పేర్లన్నీ అయిపోయాక `(blank)` అనే వరుస కనిపించింది, మొత్తంలో సరిగ్గా సగం దాని ఎదురుగానే ఉంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేరు ప్రతి నెల చివర వేసిన మొత్తం వరుసలు కూడా ఎగుమతిలో వచ్చేశాయి, వాటికి పార్టీ పేరు ఉండదు. వాటిని తీసేశాక కూడా కొంత తేడా మిగిలింది, ఆ తేడా వాపసు వచ్చిన సరుకు విలువకు సరిగ్గా రెండింతలు ఉంది. అంటే వాపసులు తీసివేతకు బదులు కూడికలో పడ్డాయన్నమాట. క్రెడిట్ నోటు విలువ షీటులో ధన సంఖ్యగానే ఉంటుంది, అది వాపసు అని చెప్పేది పక్కనున్న వోచరు రకం ఒక్కటే. అందుకని బస్తాలకు ఇలా ఒక అదనపు నిలువు వరుస చేర్చి, విలువకూ అదే గుర్తు వేశాను:

```
=IF([@VchType]="Credit Note",-1,1)*[@Qty]
```

ఈ తనిఖీకి అరగంట పట్టింది. పివట్ టేబుల్‌కు నేను ఇచ్చే అసలు మార్కులు ఇక్కడే. తప్పు ఎక్కడుందో వెతకడానికి దీనికి మించిన సాధనం నా చేతికి ఇంతవరకు రాలేదు. అనుమానం వచ్చిన అంకె మీద రెండుసార్లు నొక్కితే దాని వెనకున్న వరుసలన్నీ కొత్త షీటులో పరుచుకుంటాయి. ఒకే షాపు పేరు రెండు వరుసలుగా కనిపిస్తే చివర ఖాళీ అక్షరం ఉందని వెంటనే తెలిసిపోతుంది, పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల తేడాను మాత్రం ఇది పట్టించుకోదు.

తేదీల సంగతి క్లుప్తంగా చెబుతాను. నెలలుగా Group చేయబోతే `Cannot group that selection.` అని వస్తే, ఆ నిలువు వరుసలో కొన్ని తేదీలు అక్షరాలుగా ఉన్నాయని సాధారణంగా అర్థం. గడిలో ఎడమవైపు అతుక్కొని ఉన్నవి అవే. Text to Columns లో DMY ఎంచుకుంటే చాలావరకు సరిపోతుంది. ఇంతకంటే మన దేశంలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆర్థిక సంవత్సరం. ఎక్సెల్ Group లో వచ్చే త్రైమాసికాలు జనవరితో మొదలవుతాయి, మన లెక్కలు ఏప్రిల్‌తో మొదలవుతాయి. అందుకే Group ను వదిలేసి, షీటులోనే ఈ నిలువు వరుస చేర్చుకుంటాను:

```
=YEAR(EDATE([@Date],-3))
```

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు ఉన్న ప్రతి తేదీకి ఇది 2025 అనే ఇస్తుంది.

ఇక అసలు పివట్ సంగతి. డీలరుగారి మనసులో ఒక అభిప్రాయం ముందే ఉంది. అక్టోబరు, డిసెంబరు మధ్య సిమెంటు అమ్మకం నిరుటి కంటే పడిపోయిందని ఆయన నమ్ముతున్నారు. ఆ నమ్మకానికి ఆధారం బిల్లు మొత్తాల నిలువు వరుస, అంటే పన్నుతో కలిపిన విలువ. అయితే 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కాక బస్తా 250 రూపాయలు అనుకుంటే, మునుపు బిల్లులో 320 పడేది, ఇప్పుడు 295 పడుతుంది. ఒక్క బస్తా కూడా తగ్గకుండానే బిల్లు మొత్తం దాదాపు 8 శాతం దిగిపోతుంది. లెక్క సులువుగా ఉండేందుకు అంకెలను రౌండ్ చేసి చెబుతున్నాను: నిరుడు ఆ మూడు నెలల్లో 40,000 బస్తాలు, ఈ ఏడు 42,000. బిల్లు మొత్తాలు చూస్తే 1 కోటి 28 లక్షల నుంచి సుమారు 1 కోటి 24 లక్షలకు తగ్గినట్టు కనిపిస్తుంది. బస్తాలు చూస్తే 5 శాతం పెరిగాయి. ఏ నిలువు వరుసను Values లోకి లాగాలి అన్న ఒక్క నిర్ణయంతో జవాబు తలకిందులైంది. పివట్‌కు ఈ తేడా తెలియదు, ఏది లాగితే దాన్ని కూడి పెడుతుంది.

అందుకని సరుకుల నుంచి ఇనుమును వడకట్టేసి (బస్తాలనూ కిలోలనూ కూడితే వచ్చే అంకెకు అర్థం ఉండదు), అక్టోబరు నుంచి డిసెంబరు వరకే ఉంచి, పార్టీ పేరును Rows లో పెట్టి, బస్తాలనే కొలతగా తీసుకున్నాను. నిరుడు, ఈ ఏడు పక్కపక్కనే కనిపించాలి, తేడా ప్రకారం వరుసలు సర్దుకోవాలి. ఇందుకు షీటులో రెండు అదనపు నిలువు వరుసలు చేర్చాను, ఒకటి 2024 బస్తాలకు, ఒకటి 2025 బస్తాలకు, ఆ ఏడాది కాకపోతే సున్నా. వాటి తేడాకు Calculated Field వాడాను. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. Calculated Field వరుస వరుసకూ లెక్క కట్టదు, ముందు మొత్తాలు కూడి, ఆ మొత్తాల మీద లెక్క కడుతుంది. తీసివేతకు, శాతానికి అది సరిగ్గా పనికివస్తుంది. ధరను బస్తాలతో గుణించడానికి వాడితే మాత్రం ధరల మొత్తాన్ని బస్తాల మొత్తంతో గుణించి, ఎవరూ నమ్మలేనంత పెద్ద అంకెను మన ముందుంచుతుంది. అంత పెద్దది కాబట్టే పట్టుబడుతుందని నాకు నేను సర్దిచెప్పుకుంటాను, కానీ రెండే వరుసలున్న చిన్న పార్టీ దగ్గర అది నమ్మదగిన అంకెలాగే కనిపించి మోసం చేస్తుంది.

తేడా ప్రకారం సర్దగానే విషయం బయటపడింది. జాబితా ఒక కొసన 5,200 బస్తాలు కొన్న ఒక కొత్త కాంట్రాక్టరు ఉన్నాడు, నిరుడు అతని పేరే లేదు. అతణ్ణి పక్కన పెడితే పాత ఖాతాదారుల కొనుగోలు 40,000 నుంచి 36,800 కు దిగింది, అంటే 8 శాతం తగ్గుదల. రెండో కొసన తగ్గిన పార్టీలు వరుసగా ఉన్నాయి. Rows లో పార్టీకి ముందు ఊరి పేరు చేర్చి చూస్తే, తగ్గుదలలో ఎక్కువ భాగం పెద్దాపురం వైపు 11 షాపుల దగ్గరే ఉంది. నెలల వడపోత తీసేసి, ఆ అంకెల మీద రెండుసార్లు నొక్కి ఒక్కో షాపు చివరి బిల్లు తేదీ చూశాను. తొమ్మిది షాపులు సెప్టెంబరు మొదటి వారం తరువాత ఒక్కసారి కూడా సరుకు తీసుకోలేదు.

ఎందుకన్నది పివట్ చెప్పలేదు, చెప్పజాలదు కూడా. నేను ఫోనులో ఆ 11 పేర్లు చదివాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, “ఆ లైను చూసే కుర్రాడు ఆగస్టులో మానేశాడండీ, కొత్తవాణ్ణి ఇంకా వెయ్యలేదు” అన్నారు. నేను ఆయనకు పంపింది చివరికి ఆ 11 వరుసల పివట్ ఒక్కటి, ఊరు మార్చుకొని చూడటానికి ఒక స్లైసరు, పైన మూడు వాక్యాలు: అమ్మకం పడలేదు, పన్ను తగ్గింది; పెరుగుదల అంతా ఒక్క కొత్త కాంట్రాక్టరుది; పెద్దాపురం లైను ఖాళీ అయింది. నాలుగు అడిగారు, మూడే ఇచ్చాను.

ఇన్నేళ్ల వాడకంలో పోని అసంతృప్తులు కొన్ని ఉన్నాయి. ఒక షాపు ఎన్నిసార్లు బిల్లు చేయించుకుందో తెలియాలంటే Distinct Count కావాలి, అది రావాలంటే పివట్ చేసేటప్పుడే `Add this data to the Data Model` గడిలో టిక్కు పెట్టాలి, అలా పెడితే Calculated Field పనిచేయదు. అందుకే ఒకే ప్రశ్నకు రెండు పివట్‌లు కట్టుకోవలసి వస్తోంది. సంఖ్యలున్న ఏ నిలువు వరుసకు టిక్కు పెట్టినా అది నేరుగా Values లోకి వెళ్లి కూడుకుపోతుంది, పిన్‌కోడ్‌ల మొత్తం ఎవరికి కావాలి? షీటులో కొత్త బిల్లులు చేర్చినా మేము వాడే ఎక్సెల్‌లో Refresh నొక్కేదాకా పివట్ పాత అంకెలే చూపిస్తుంది, ఆ సంగతి తెలియని డీలరుగారు ఫిబ్రవరిలో జనవరి అంకెల గురించే నన్ను మళ్లీ అడిగారు.

వీటన్నిటికంటే పెద్ద ఫిర్యాదు ఇంకొకటి. అసలు షీటును తొలగించి పివట్ ఒక్కటే పంపితే వివరాలు బయటికి పోవని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కానీ పివట్ తన లోపల డేటా నకలును దాచుకుంటుంది, మొత్తం చూపే గడి మీద రెండుసార్లు నొక్కితే ప్రతి పార్టీ పేరు, ప్రతి రేటు తిరిగి వచ్చేస్తాయి. ఒక షాపుకు ఇచ్చిన డిస్కౌంటు ఇంకో షాపుకు తెలిస్తే ఏమవుతుందో ఈ వ్యాపారంలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. డీలరుగారికి పివట్ ఇచ్చాను, పెద్దాపురం లైనుకు కొత్తగా వేసిన కుర్రాడికి మాత్రం ఆ 11 పేర్లను విలువలుగా కాపీ చేసి, వేరే ఫైలులో పెట్టి పంపాను.