ప్లేయబుల్ ప్రకటనా, రివార్డెడ్ ప్రకటనా: ఏడో రోజుకు ఎవరు మిగులుతారు?

కడప, కర్నూలు ఇంజినీరింగ్ కళాశాలల్లో చదువుతూ చిన్న చిన్న మొబైల్ ఆటలు తయారు చేస్తున్న పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బును ప్లేయబుల్ ప్రకటనల మీద పెట్టాలా, రివార్డెడ్ ప్రకటనల మీద పెట్టాలా? అనంతపురంలో మా ఇద్దరి చిన్న సంస్థ పులి-మేక ఆటను ఫోనులోకి తెచ్చి, ఈ మధ్యనే దానికి రెండు రకాల ప్రకటనలూ కొనింది కాబట్టి నాకు తోచిన సమాధానం రాస్తున్నాను. ప్లేయబుల్ అంటే ఆటలోని చిన్న ముక్కను ప్రకటనలోనే ఆడనిచ్చేది. ఇక్కడ రివార్డెడ్ అంటే మన ఆటలో మనం చూపించుకునే ప్రకటన అని అనుకోవద్దు. వేరొకరి ఆటలో నాణేలకో అదనపు ప్రాణానికో ఆశపడి ఆటగాడు చూసే చోట మన ఆట ప్రకటనను ఉంచడం గురించే ఈ చర్చ.

అడిగేవారు చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, ఈ రెండూ ఒకే వరుసలో నిలబెట్టి పోల్చదగినవి కావు. ప్లేయబుల్ అన్నది ప్రకటన రూపం, రివార్డెడ్ అన్నది ప్రకటన కనిపించే చోటు. రివార్డెడ్ చోట వీడియో ఆడవచ్చు, ప్లేయబుల్ కూడా ఆడవచ్చు. కాబట్టి సరైన పోలిక రివార్డెడ్ చోటులోని వీడియోకూ ప్లేయబుల్‌కూ మధ్య జరగాలి. చోటు మారిస్తే చూసేవాళ్ల మనఃస్థితి కూడా మారుతుంది, అప్పుడు తేడా రూపం వల్ల వచ్చిందో చోటు వల్ల వచ్చిందో తేల్చలేము.

ముందుగా ధర సంగతి చూద్దాం. లెక్క తేలికగా ఉండడానికి ఈ అంకెలు ఊహించి చెబుతున్నాను. రివార్డెడ్ వీడియో ద్వారా ఒక్కో ఇన్‌స్టాల్ ₹12కు, ప్లేయబుల్ ద్వారా ₹20కి వచ్చిందనుకుందాం. వెయ్యేసి ఇన్‌స్టాల్‌లకు ఖర్చు ₹12,000, ₹20,000 అవుతుంది. ఇక్కడితో ఆగితే వీడియోదే గెలుపు. కానీ ఏడో రోజు తిరిగి ఆట తెరిచినవాళ్లు వీడియో వైపు 40 మంది, ప్లేయబుల్ వైపు 80 మంది ఉంటే, నిలిచిన ఒక్కో ఆటగాడికి పడిన ఖర్చు వీడియోలో ₹300, ప్లేయబుల్‌లో ₹250 అవుతుంది. ఇన్‌స్టాల్ ధరను ఏడో రోజు రిటెన్షన్‌తో, అంటే ఆ రోజు తిరిగి వచ్చినవాళ్ల శాతంతో భాగించడమే ఈ లెక్క. ఇంత చిన్న భాగహారం చేయకుండానే చాలామంది చవకైన ఇన్‌స్టాల్‌ల వెంట పోతున్నారు.

రివార్డెడ్ వీడియో నుంచి వచ్చినవాళ్లు త్వరగా జారిపోవడానికి కారణం ఊహించడం కష్టమేమీ కాదు. ఆ మనిషి వేరే ఆట మధ్యలో ఉన్నాడు, వాడికి కావలసింది అక్కడి బహుమతి. మన ఆట బాగున్నట్టు కనిపించి ఇన్‌స్టాల్ చేసినా, వెంటనే తన ఆటకు తిరిగి వెళ్తాడు. ఇన్‌స్టాల్‌కూ మొదటిసారి తెరవడానికీ మధ్య ఎంత సమయం గడిచిందో చూస్తే ఇది తెలుస్తుంది. ఆ వ్యవధి గంటల్లో ఉన్నదంటే, లేదా అసలు తెరవని ఇన్‌స్టాల్‌లు ఎక్కువగా ఉన్నాయంటే, కొన్నది ఆటగాళ్లను కాదని అర్థం చేసుకోవాలి.

అయితే ప్లేయబుల్ అన్నంత మాత్రాన రిటెన్షన్ దానంతట అది రాదు. నా దృష్టిలో అన్నిటినీ తేల్చే అంశం ఒక్కటే: ప్రకటనలో ఆడిన ఆట, దించుకున్నాక తెరుచుకునే ఆట ఒకదానికొకటి కొనసాగింపుగా ఉన్నాయా? ఈ విషయంలో మేమే పొరపాటు చేశాం. మా మొదటి ప్లేయబుల్‌లో ఆటగాడి చేతికి పులిని ఇచ్చాం. మూడు ఎత్తుల్లో మూడు మేకలను తినేసి, పులి గర్జించగానే ఇన్‌స్టాల్ బటన్ వచ్చేది. అసలు ఆటలో మాత్రం మొదట ఆటగాడికి మేకల పక్షం ఇచ్చి, పదిహేను మేకలను ఒక్కొక్కటిగా పటం మీద పెట్టించేవాళ్లం. మేకలన్నీ దిగేదాకా వాటిని జరపడానికి వీల్లేదు, కానీ పులులు తిరుగుతూనే ఉంటాయి. నిజమైన పులి-మేకలోని రుచి అక్కడే ఉంది గానీ, తినడానికి వచ్చినవాడికి అది శిక్షలా తోచింది.

ఇన్‌స్టాల్‌లు బాగానే వస్తున్నా మరుసటి రోజుకు జనం కనిపించకపోవడం ఎందుకో మాకు చాలా రోజులు అంతుపట్టలేదు. చివరకు క్లాక్ టవర్ దగ్గర టీ తాగుతూ, మా అత్త కొడుకు చేతికి ముందు ప్లేయబుల్‌ను, తర్వాత ఆటను ఇచ్చి చూశాను. రెండో మేకను పెట్టాక వాడు తల ఎత్తి, "ఇంతసేపు మేకల్ను తిన్నెది నేను కదన్నా, ఇప్పుడు నన్నే మేకల్ను పెట్టమంటాంది ఏంది?" అన్నాడు. వారాల తరబడి పట్టికలు చూసినా దొరకని జవాబు ఆ ఒక్క మాటలో దొరికింది.

తర్వాతి ప్లేయబుల్‌ను ఆట సగం గడిచిన పటంతో మొదలుపెట్టాం. రెండు పులులు అప్పటికే మేకల మధ్య చిక్కి కదల్లేకుండా ఉంటాయి, మూడోదాన్ని కదలకుండా చేయడానికి ఆటగాడికి రెండు ఎత్తులు ఇస్తాం. ఇన్‌స్టాల్ అయ్యాక తెరుచుకునే మొదటి పటం కూడా మేకల వైపు నుంచే, అలాంటి ముడితోనే మొదలవుతుంది. పదిహేను మేకలను పెట్టే పూర్తి ఆట మూడో పటంలో గానీ రాదు. ఈ మార్పుతో ఇన్‌స్టాల్‌లు కొంత తగ్గాయి, ధర కొంత పెరిగింది. మేకలతో పులిని కట్టడం ఇష్టం లేనివాళ్లు ప్రకటనలోనే వెనక్కి తిరిగిపోవడం వల్ల వచ్చిన తగ్గుదల అది, దానికి నేను బాధపడను. పాత లెక్కతోనే చెప్పాలంటే, మోసపూరితమైన ప్లేయబుల్ ₹14కే ఇన్‌స్టాల్ తెచ్చినా, ఏడో రోజుకు వందలో ముగ్గురే మిగిలితే నిలిచిన ఒక్కొక్కరికి దాదాపు ₹467 పడుతుంది. అది మామూలు వీడియో కంటే కూడా నష్టం.

ప్లేయబుల్‌తో మరో చిక్కు తాకిడి. వేలు మొదటిసారి తగలగానే `mraid.open()` పిలిచి స్టోర్‌కు తీసుకుపోయే ప్లేయబుల్‌లు ఉన్నాయి. క్లిక్‌లు విపరీతంగా పెరిగి, క్లిక్‌కు వచ్చే ఇన్‌స్టాల్‌లు పడిపోతే అది పొరపాటు తాకిడే అని పోల్చుకోవచ్చు. తయారీ ఖర్చునూ మరువరాదు. చాలా నెట్‌వర్కులు 5 ఎంబీ లోపు ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలు అడుగుతాయి కాబట్టి, యూనిటీలో చేసిన ఆటను అలాగే పంపలేము, ఆ చిన్న ముక్కను జావాస్క్రిప్ట్‌లోకి మార్చాల్సిందే. ఆ పని చేసేవాళ్లు దొరకకపోతే, అసలు ఆట తెరనే రికార్డు చేసిన నిజాయితీ గల వీడియోను రివార్డెడ్ చోట పెట్టడం మేలు.

ఇన్‌స్టాల్ చేస్తేనే బహుమతి ఇచ్చే ఆఫర్‌వాల్ పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. బహుమతి చేతికి రాగానే ఆటను తీసేసేవాళ్లే అందులో ఎక్కువ, పైగా బహుమతి ఆశ చూపి ఇన్‌స్టాల్‌ల సంఖ్యను పెంచడాన్ని గూగుల్ ప్లే నియమాలు ఒప్పుకోవు. బ్యానర్లు చిన్న ఆటలకు దండగ.

పోలిక చేసేటప్పుడు ఆండ్రాయిడ్ ఇన్‌స్టాల్‌లనే తీసుకోండి. ఐఫోన్‌లో 2021లో వచ్చిన ఐఓఎస్ 14.5 నుంచి ఆటగాడి అనుమతి లేకుండా ఒక్కొక్కరినీ ప్రకటనతో జతపరచడం కుదరదు, అందువల్ల ఏడో రోజు లెక్క మసకబారుతుంది. రెండు వైపులా రెండేసి వందల ఇన్‌స్టాల్‌లతోనే తీర్పు చెప్పకండి. అందులో వందకు నలుగురు, ఎనిమిది మంది అంటే వరుసగా ఎనిమిది మంది, పదహారు మంది మాత్రమే, ఆపాటి తేడా అదృష్టం వల్ల కూడా వస్తుంది. మేమిప్పుడు ఒకే వారంలో, ఒకే రివార్డెడ్ చోట రెండు రూపాలనూ నడిపి, రెండు వైపులా వెయ్యి దాటాక ఇంకో ఏడు రోజులు ఆగి, ఆ తర్వాతే డబ్బును ప్లేయబుల్ వైపు జరుపుతున్నాం.