బోర్డు పాఠాలకు క్యాప్డ్ సీఆర్‌ఎఫ్ ల్యాడర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

పదో తరగతి, పాలిసెట్ పిల్లలకు తెలుగు మీడియంలో లెక్కల పాఠాలు రికార్డు చేసి యాప్‌లో పెట్టడం మా పని. చూసేవాళ్లలో చాలామంది పాడేరు, అరకు వైపు ఊళ్లవాళ్లు. వాళ్ల ఫోన్లకు ఇంటి బయట నిలబడితే 400 కేబీపీఎస్ దాకా దొరుకుతుంది, లోపలికెళ్తే అదీ ఉండదు. అలాంటి ఫోన్‌లో ఇప్పుడు 480పీ పాఠం ఆగకుండా నడుస్తోంది, బోర్డు మీద ఒత్తులు కూడా స్పష్టంగా కనబడుతున్నాయి. x264లో `-crf`కి `-maxrate` జోడించి కట్టిన ల్యాడర్ వల్లే ఇది సాధ్యమైంది. ఆ పద్ధతి మీద నాకు చాలా ఇష్టం. కానీ దాన్ని పొగుడుతూ తోటివాళ్లకు మొదట్లో చెప్పిన మాటల్లో కొన్నింటిని ఇప్పుడు సవరించుకోవాలి.

అడాప్టివ్ స్ట్రీమింగ్ అంటే ఏమిటో తెలియనివాళ్లు ఈ సమీక్ష చదవరు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. నెట్‌లో దొరికే రెడీమేడ్ ల్యాడర్లలో ప్రతి రిజల్యూషన్‌కీ ఒక బిట్‌రేట్ ముందే నిర్ణయించి ఉంటుంది. అవి ఎక్కువగా సినిమా, ఆటల లాంటి కదిలే బొమ్మను దృష్టిలో పెట్టుకుని వేసిన అంకెలు. బోర్డు పాఠం సంగతి వేరు. అందులో కదిలేది టీచరు చెయ్యి, కొత్తగా రాసే నాలుగు అక్షరాలు, అంతే. మిగతా బొమ్మంతా నిమిషాల తరబడి అలాగే ఉంటుంది. కదలిక తక్కువ, కానీ సన్నని గీతలు ఎక్కువ. అందుకే ఇక్కడ రిజల్యూషన్ తగ్గిస్తే నష్టం పెద్దది. 426×240లో తెలుగు ఒత్తు ఒక మచ్చలా మారిపోతుంది. ఘాతం 2నో 3నో తెలియదు, మైనస్ గుర్తు గీతలో కలిసిపోతుంది. "సార్, బోర్డు కనబడట్లేదు, మీ గొంతు విని రాసుకుంటున్నా" అని ఒక అమ్మాయి పంపిన మెసేజ్ చూశాకే ల్యాడర్‌ని మళ్లీ మొదటి నుంచి కట్టాలని కూర్చున్నాను.

క్యాప్డ్ సీఆర్‌ఎఫ్ చేసే పని సూటిగా ఉంటుంది. ఈ స్థాయి నాణ్యత కావాలని అడుగుతాం, దానికి ఎంత తక్కువ సరిపోతే అంతే ఖర్చు పెడుతుంది, మనం పెట్టిన గరిష్ఠ పరిమితి దాటదు. మా పాఠాలను 480పీలో `-crf 25`తో, 500 కేబీపీఎస్ పరిమితితో ఎన్‌కోడ్ చేస్తే వీడియో సగటు దాదాపు 110 వచ్చింది. ఆడియో 48 కలిపినా 160 లోపే. ఆ అంకె చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఆ 110 రావడంలో సెగ్మెంట్ నిడివికి పెద్ద పాత్ర ఉంది. బోర్డు పాఠంలో అన్నిటికంటే ఖరీదైనది కీఫ్రేమ్, ఎందుకంటే బోర్డు మొత్తాన్ని మళ్లీ మొదటి నుంచి గీయాలి. మా 480పీలో ఒక కీఫ్రేమ్ సుమారు 30 కేబీ, అంటే 240 కిలోబిట్లు. రెండు సెకన్లకొకటి వేస్తే సెకనుకు 120 కిలోబిట్లు కీఫ్రేములకే పోతాయి. ఆరు సెకన్లకొకటి వేస్తే 40తో సరిపోతుంది. అందుకే ఆరు సెకన్ల సెగ్మెంట్లు పెట్టాను. దీనికి చెల్లించే ధర ఏమిటంటే, ప్లేయర్ ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు మారడానికి కాస్త ఆలస్యమవుతుంది. పాఠాలకు అది పట్టించుకోనక్కర్లేదు.

ఇంత బాగా కుదిరాక పాఠాలన్నీ కొత్త ల్యాడర్‌తో ఎక్కించాం. ఫోన్లలో మాత్రం ఏ మార్పూ లేదు. 400 కేబీపీఎస్ ఉన్న పిల్లలు అదే 240పీలో ఇరుక్కుపోయారు. బఫరింగ్ లేదు, ఎర్రర్ లేదు, కానీ పై మెట్టు ఎక్కడం లేదు. సర్వర్ లాగ్‌లో వాళ్ల ఫోన్లు అడుగుతున్న ఫైళ్లన్నీ 240 ఫోల్డర్‌వే. నెట్‌వర్క్ మీద అనుమానపడ్డాం, ఫోన్ల మీద అనుమానపడ్డాం, యాప్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయించాం. ఆ రోజుల్లో నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే పబ్లిక్ పరీక్షలు దగ్గరకొస్తున్నాయి.

అసలు సంగతి మాస్టర్ ప్లేలిస్ట్‌లో ఉంది. మా వీడియోల హోస్టింగ్ చూసే సంస్థ ఇచ్చిన టెంప్లేట్, ప్రతి మెట్టుకీ `BANDWIDTH` విలువను పరిమితి నుంచే లెక్కగట్టి నింపుతోంది. 480పీకి 500 వీడియో, 48 ఆడియో, పైన పది శాతం కలిపి 603 కేబీపీఎస్ అని రాసింది. 360పీకి 383, 240పీకి 218. ఫైల్ నిజంగా ఎంత బరువుందో ప్లేయర్‌కు ముందుగా తెలియదు, అది నమ్మేది ఈ అంకెనే. మా యాప్‌లో ఉన్నది ఎక్సోప్లేయర్. అది తను కొలిచిన వేగంలో డిఫాల్ట్‌గా 70 శాతాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. 400లో 70 శాతం 280. అందులో పట్టేది 218 ఒక్కటే. అంటే నిజానికి 160 కూడా ఖర్చు కాని 480పీని, 603 అవుతుందని చూసి వదిలేసి, 240పీని పట్టుకుంటోంది. దాని మీద రాసిన 218 కంటే 480పీ అసలు సగటే తక్కువ!

సరే, నిజమైన సగటు రాసేద్దామా అంటే అలా కుదరదు. హెచ్‌ఎల్‌ఎస్ ప్రమాణం ప్రకారం `BANDWIDTH` అంటే సగటు కాదు, అన్నిటికంటే బరువైన సెగ్మెంట్ బిట్‌రేట్. సగటు కోసం `AVERAGE-BANDWIDTH` అని వేరే లక్షణం ఉంది. దాన్ని చేర్చి చూశాను, ఎక్సోప్లేయర్‌లో లాభం లేకపోయింది. రెండూ ఉంటే అది గరిష్ఠాన్నే తీసుకుంటుంది. అందుకని సెగ్మెంట్లను ఒక్కొక్కటిగా కొలిచాను. సైజును బైట్లలో తీసుకుని 8తో గుణించి నిడివితో భాగిస్తే చాలు:

```
ffprobe -v error -show_entries format=duration,size \
  -of csv=p=0 480_012.ts
```

ఫలితం నన్ను ఆశ్చర్యపరిచింది. పాఠమంతా తేలికగానే ఉంది. బరువంతా మొదటి రెండు సెగ్మెంట్లలో, అంటే మా లోగో గిరగిరా తిరిగి, రంగులు చిమ్మి, పేరు తేలే యానిమేషన్‌లో ఉంది. ఆ కాసేపట్లోనే బిట్‌రేట్ 500కి చేరింది. నలభై నిమిషాల పాఠం గరిష్ఠ విలువను ఆ కొద్ది సెకన్లు నిర్ణయిస్తున్నాయి. యానిమేషన్ తీసేసి, కదలని టైటిల్ కార్డు పెట్టాం. డిజైన్ చేసిన కుర్రాడికి బాధ కలిగింది, నాకూ కలిగింది. కానీ ఆ తర్వాత కొలిస్తే అతి బరువైన సెగ్మెంట్ 1,76,000 బైట్లు. అంటే ఆరు సెకన్లకు దాదాపు 235 కేబీపీఎస్. ప్లేలిస్ట్‌లో 240000 అని రాశాను. 280లో అది పట్టింది. మర్నాటి లాగ్‌లో అవే ఫోన్లు 480 ఫోల్డర్ అడగడం చూసి నా పక్కనున్నవాళ్లను పిలిచి మరీ చూపించాను.

ఇప్పుడు 480పీ మెట్టుకు వాడుతున్న కమాండ్ ఇది:

```
ffmpeg -i patham.mp4 -vf scale=854:480 -r 25 \
  -c:v libx264 -preset slow -crf 25 \
  -maxrate 200k -bufsize 400k \
  -g 150 -keyint_min 150 -sc_threshold 0 \
  -c:a aac -ac 1 -b:a 48k \
  -f hls -hls_time 6 -hls_playlist_type vod \
  -hls_segment_filename '480_%03d.ts' 480.m3u8
```

పరిమితిని 500 నుంచి 200కి దించింది ఎవరైనా మళ్లీ యానిమేషన్ పెట్టినా గరిష్ఠం అంతగా ఎగిరిపోకుండా. `-bufsize` విషయంలో మాత్రం జాగ్రత్త. గరిష్ఠాన్ని ఇంకా బిగిద్దామని దాన్ని 200కి తగ్గిస్తే, 240 కిలోబిట్ల కీఫ్రేమ్ అందులో పట్టదు. ఎన్‌కోడర్ దాన్ని నలిపి కుదిస్తుంది. అప్పుడు ఆరు సెకన్లకోసారి బోర్డు ఒక్క క్షణం మసకబారి, మెల్లగా తేటపడుతుంది. గుండె కొట్టుకున్నట్టు లయగా మసక వస్తుంటే కారణం దాదాపు ఇదే. బఫర్‌లో ఒక పూర్తి కీఫ్రేమ్ పట్టి ఇంకాస్త చోటు మిగలాలి.

240పీ మెట్టును తీసేశాను. మా పాఠాల్లో 360పీ వీడియో సగటు 85, ఆడియోతో కలిపి 135 లోపు. దానికంటే కిందికి దిగితే మిగిలేది కొద్దిపాటి డేటా, పోయేది అక్షరం. అంత తక్కువ సిగ్నల్ ఉన్నవాళ్లకు ముందే డౌన్‌లోడ్ చేసుకోమని చెబుతున్నాం.

ఇక సవరణ. "ఒకే `-crf` పెట్టి వదిలేయండి, ఏ వీడియోకైనా అదే చూసుకుంటుంది" అని అప్పట్లో చాలామందికి చెప్పాను. బోర్డుకు అది నిజం, కెమెరాకు కాదు. సైన్స్ ల్యాబ్‌లో టైట్రేషన్ తీసిన వీడియోను ఇదే ల్యాడర్‌లో పెడితే, చేతిలో పట్టుకున్న కెమెరా ఊపుకు బొమ్మంతా కదిలి, బిట్‌రేట్ మొదటి నుంచి చివరి దాకా 200 దగ్గరే అంటుకుపోయింది. అప్పుడు సీఆర్‌ఎఫ్‌కు పనే లేదు, నడిపేది పరిమితే. ఆ బిట్‌రేట్‌లో 480పీ గళ్లుగళ్లుగా వచ్చింది. అదే 200తో 360పీ చూస్తే బొమ్మ మెరుగ్గా ఉంది. అందుకే ఇప్పుడు బోర్డుకు ఒక ల్యాడర్, కెమెరాకు ఒక ల్యాడర్ వేరుగా ఉన్నాయి. ఏది దేనికో ఎక్కించేవాళ్లే ఎంచుకోవాలి. రెండూ కలిసిన పాఠమైతే కెమెరా ల్యాడరే వేస్తున్నాం, దాంతో బోర్డు భాగంలో పొదుపు పోతోంది.

నేను కొనమని కాదు, ఇది ఉచితమే. వాడమని చెప్పడానికి కూడా నా పరిస్థితి చూసి చెప్పాలి. మాది రికార్డు చేసిన పాఠం, స్థిరంగా నిలిపిన కెమెరా, తెల్లబోర్డు, సొంత యాప్, ప్లేలిస్ట్ మేమే రాసుకునే వీలు. ఇవన్నీ ఉంటే నిశ్చింతగా వాడవచ్చు. ప్లేలిస్ట్‌ను ముట్టుకోనివ్వని హోస్టింగ్ అయితే, `BANDWIDTH` ఎక్కడి నుంచి నింపుతున్నారో ముందు అడగండి. పరిమితి నుంచి అంటే, పరిమితినే తగ్గించుకోవడం తప్ప దారి లేదు. లైవ్ క్లాసులకు మాత్రం నేను ఇంకా పాత స్థిర బిట్‌రేట్ ల్యాడరే నడుపుతున్నాను. అక్కడ గరిష్ఠాన్ని ముందుగా కొలిచే అవకాశం లేదు, ఆరు సెకన్ల సెగ్మెంట్లతో టీచరుకూ పిల్లలకూ మధ్య ఆలస్యం మరీ పెరిగిపోతుంది.