తేదీ స్టిక్కరా, నంబరు ట్యాగా? రొయ్యల ప్లాంట్‌లో ఏది మేలు

భీమవరం చుట్టుపక్కల ఏ రొయ్యల ప్లాంట్‌కి వెళ్లినా తూకం కాటాల మీద, థర్మామీటర్ల మీద, ఫ్రీజర్ ప్యానెల్ మీద రంగురంగుల స్టిక్కర్లు కనిపిస్తాయి. పరికరం సరిగ్గా చూపిస్తోందో లేదో కొలిచి చూసే క్యాలిబ్రేషన్ చేసిన తేదీ, మళ్లీ చేయాల్సిన తేదీ, చేసిన ఏజెన్సీ పేరు ఉంటాయి. ఆడిటర్ వస్తున్నాడంటే ముందు చూసుకునేది వాటినే. క్వాలిటీ సెక్షన్‌లో పదకొండేళ్లు పనిచేశాక నాకు తెలిసిందేంటంటే, స్టిక్కర్ మీద తేదీ కన్నా పరికరానికి చెరగని నంబరు ఉండటం, ఆ నంబరు రోజూ రాసే రికార్డులోకి ఎక్కడం ముఖ్యం. కానీ తేదీ స్టిక్కర్ పూర్తిగా దండగ అని కూడా అనను. రెండిట్లో ఏది ఎక్కడ పనికొస్తుందో చూద్దాం.

తేదీ స్టిక్కర్‌కి ఒక్కటే పెద్ద లాభం: పరికరాన్ని చేతిలోకి తీసుకున్న మనిషికి అక్కడికక్కడే తెలుస్తుంది. రిజిస్టర్ ఆఫీసు గదిలో ఉంటుంది, థర్మామీటర్ ఫ్రీజర్ దగ్గర ఉంటుంది. నైట్ షిఫ్ట్ కుర్రాడు గ్లౌజులు విప్పి రిజిస్టర్ వెతుక్కోడు. ల్యాబ్‌లో, ప్యాకింగ్ మెటీరియల్ గోడౌన్‌లో, మెయింటెనెన్స్ వర్క్‌షాప్‌లో, అంటే పొడిగా ఉండే చోట్ల, తేదీ స్టిక్కరే మేలు.

ప్రాసెసింగ్ హాల్ సంగతి వేరు. రోజంతా క్లోరిన్ నీళ్లు, ఐసు, తడి గ్లౌజులు. కాగితం స్టిక్కర్ వారం తిరక్కుండానే అంచు లేస్తుంది, అక్షరాలు పోతాయి. ఇంకో రెండు రోజులకు స్టిక్కరే కనిపించదు. ఎక్కడికి పోయింది? బహుశా కింద కాలువలోకి. కాదంటే రొయ్యల ట్రేలోకి. కొనేవాడి దేశంలో ప్యాకెట్ విప్పితే కాగితం ముక్క వచ్చిందంటే అది పరాయి వస్తువు కంప్లయింట్, క్యాలిబ్రేషన్ కన్నా పెద్ద తలనొప్పి. అందుకే హాల్లో వాడే ప్రోబ్ థర్మామీటర్లకు, కాటాలకు స్టిక్కర్ వద్దు. స్టీలు మీద నంబరు చెక్కించండి. చెక్కడం కుదరకపోతే స్టీలు బిళ్ల మీద గుద్ది తగిలించండి. ఊడిపడ్డా కనీసం మెటల్ డిటెక్టర్‌కి చిక్కే అవకాశం ఉంటుంది. తేదీ మాత్రం రిజిస్టర్‌లో ఉండాలి. దాంతోపాటు షిఫ్ట్ మొదలయ్యే చోట గోడ బోర్డు మీద ఈ నెల గడువు తీరే నంబర్లు రాసి పెడితే చాలు.

క్వాలిటీ నిర్వహణకు వాడే ఐఎస్ఓ 9001 ప్రమాణం కూడా అడిగేది పరికరం స్థితి తెలిసేలా గుర్తింపు ఉండాలనే. అది స్టిక్కరే కావాలని ఎక్కడా లేదు. ఆడిటర్‌కి ఈ మాట చెప్పడానికి మొహమాటపడనక్కర్లేదు.

ఇక స్టిక్కర్ మీద గడువు తేదీ ఎవరు వేయాలి? మన దగ్గర ఏజెన్సీ వ్యాన్ వస్తుంది, కుర్రాళ్లు చేసేసి, అలవాటుగా ఏడాది తర్వాత తేదీ వేసి అంటించి పోతారు. నిజానికి ఎన్నాళ్లకోసారి చేయించాలో తేల్చాల్సింది వస్తువు మనదైనందుకు మనమే. ల్యాబులకు వర్తించే ఐఎస్ఓ 17025 ప్రకారం కస్టమర్‌తో ఒప్పుకుంటే తప్ప ల్యాబ్ గడువు సిఫారసు చేయకూడదు. మన రిజిస్టర్‌లో ఆరు నెలలని రాసుకుని, స్టిక్కర్ మీద ఏడాది ఉంటే రెండు తేదీలూ కొట్టుకుంటాయి. హాల్లో వాళ్లు నమ్మేది కంటికి కనిపించేదాన్నే. కాబట్టి వర్క్ ఆర్డర్‌లోనే మన గడువు రాసివ్వండి, లేదా ఆ గడి ఖాళీగా వదలమనండి.

కాటాల విషయంలో ఇంకో పొరపాటు వింటుంటాను. "స్టాంపింగ్ అయ్యింది కదండీ, మళ్లీ క్యాలిబ్రేషన్ ఎందుకు?" అని. తూనికలు, కొలతల శాఖ ముద్ర వ్యాపారానికి చట్టం అడిగేది, ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి. మన కాటా 2 కిలోల దగ్గర ఎన్ని గ్రాములు తేడా చూపిస్తోందో ఆ ముద్ర చెప్పదు. పైగా క్యాలిబ్రేషన్ కుర్రాడు సర్దుతానని సీల్ తెంపితే కాటా మళ్లీ ముద్రకు వెళ్లాలి. రెండూ ఉండాలి, ఒకటి రెండోదానికి బదులు కాదు.

ఇప్పుడు అసలు కష్టం: గడువు దాటిన పరికరం వాడుకలో దొరికితే ఏం చేయాలి? మూడు దారులు కనిపిస్తాయి. గడువు దాటాక తయారైన సరుకంతా ఆపేయడం ఒకటి. కాగితం మీద ఓ నెల పొడిగించి ఊరుకోవడం ఇంకోటి. పరికరాన్ని పక్కన పెట్టి, సర్దకుండా దాని తప్పెంతో ముందు కొలిపించడం మూడోది. మా ప్లాంట్‌లో జరిగింది చెబితే తేడా తెలుస్తుంది.

ప్లేట్ ఫ్రీజర్ నుంచి గడ్డకట్టిన రొయ్యల బ్లాక్ బయటకు వచ్చాక చిన్న రంధ్రం చేసి, ప్రోబ్ గుచ్చి మధ్యలో ఉష్ణోగ్రత చూస్తాం. మైనస్ 18 డిగ్రీలకు దిగాలి. ఆ పనికి మూడు థర్మామీటర్లు ఉండేవి. జులై 9న ఆడిట్‌కి సర్దుకుంటుంటే వాటిలో టి-7 నంబరుదాని గడువు జూన్ 14నే అయిపోయిందని కనబడింది. ఇరవై ఐదు రోజులు దాటింది.

మేనేజర్‌గారు వెంటనే అన్న మాట, "ఏజెన్సీని పిలిచి ఈరోజే చేయించేయండి, స్టిక్కర్ మార్చేయండి." నేను వద్దన్నాను. టి-7కి "వాడకూడదు" అని ఎర్ర ట్యాగ్ కట్టి అలమారలో తాళం వేయించాను. ఏజెన్సీ కుర్రాడు అలవాటుగా ముందు సర్దేసి, సర్దాక వచ్చిన రీడింగే సర్టిఫికెట్‌లో రాస్తే పరికరం బాగుపడుతుంది, సాక్ష్యం పోతుంది. ఇరవై ఐదు రోజులూ అది సరిగ్గా చూపించిందా లేదా అన్నది ఇక ఎవరికీ తెలియదు. అందుకే ఆర్డర్‌లో "సర్దకముందు రీడింగ్ తప్పనిసరి, మైనస్ 18 దగ్గర కూడా" అని రాయించాను.

ఏజెన్సీ వచ్చేలోపు ఐసు పరీక్ష చేశాం. మెత్తగా కొట్టిన ఐసును నీళ్లతో తడిపి, గట్టిగా కూరి, ప్రోబ్ మొనను మధ్యలో ఉంచి రెండు మూడు నిమిషాలు ఆగాలి. సున్నా చూపాలి. టి-7 మైనస్ 1.5 చూపించింది. మా షిఫ్ట్ సూపర్‌వైజర్ ఒప్పుకోలేదు. "ఆయ్, ఐసులో ఉప్పు పడుంటుందండి" అన్నాడు. అతనన్నది తేలిగ్గా తీసేసేది కాదు, ఉప్పు తగిలిన ఐసు సున్నా కంటే కిందికి పోతుంది, రొయ్యల ప్లాంట్‌లో అది మామూలే. అదే గిన్నెలో గడువున్న టి-5 పెట్టాం. సున్నా చూపించింది. ఐసుది తప్పు కాదు.

రెండు రోజులకు ఏజెన్సీ రిపోర్ట్ వచ్చింది: అసలు మైనస్ 18 ఉన్నప్పుడు టి-7 మైనస్ 19.3 చూపిస్తోంది. అంటే ఉన్నదానికన్నా చల్లగా చూపిస్తోంది. మనకు ఇదే ప్రమాదకరమైన దిక్కు, బ్లాక్ ఇంకా గడ్డకట్టాల్సి ఉండగానే అయిపోయిందంటుంది. కారణం పిడి దగ్గర సందులోంచి లోపలికి దూరిన తేమ. ఈ రకం ప్లాటినం సెన్సార్‌లో చల్లదనం పెరిగేకొద్దీ కరెంటు నిరోధం తగ్గుతుంది. తేమ పక్కదారి ఇస్తే నిరోధం ఇంకా తగ్గినట్టు కనిపిస్తుంది, మీటర్ దాన్ని చల్లదనం అనుకుంటుంది.

ఇప్పుడు ఎంత వెనక్కి వెళ్లాలి? చాలామంది గడువు దాటిన రోజు నుంచి అంటారు. అది తప్పు. జూన్ 14 క్యాలెండర్‌లో ఒక గీత మాత్రమే, ఆ రోజు సెన్సార్‌కి ఏమీ జరగలేదు. తప్పు మార్చిలోనే మొదలై ఉండొచ్చు. ఆఖరిసారి సరిగ్గా ఉందని రుజువున్న రోజు నుంచి లెక్క. ఐసు పరీక్ష రికార్డు లేకపోతే ఆ రోజు పోయినేడు జూన్‌లో జరిగిన క్యాలిబ్రేషన్, అంటే ఏడాది పైన సరుకు. మా అదృష్టం, వారానికోసారి ఐసు పరీక్ష పుస్తకం ఉంది. జులై 1న టి-7 మైనస్ 0.2 చూపినట్టు రాసి ఉంది. జులై 8న చేయాల్సింది ఎవరూ చేయలేదు. అనుమానం జులై 1 నుంచి 9 వరకు, తొమ్మిది రోజులకు కుదించుకుపోయింది.

నంబరు విలువ తెలిసింది ఇక్కడే. ప్రతి రీడింగ్ పక్కన ఏ థర్మామీటర్ అని రాసే గడి మా ఫారంలో ఉంది. టి-7తో చూసినవి ఆ తొమ్మిది రోజుల్లో 14 లాట్లు. ఆ గడి లేకపోతే మూడు థర్మామీటర్ల లాట్లూ అనుమానంలో పడేవి. స్టిక్కర్ మీద తేదీ ఎంత అందంగా ఉన్నా ఈ పని చేయలేదు.

పద్నాలుగింట్లో పదకొండు లాట్లకు రాసినవి మైనస్ 20 లేదా అంతకన్నా చల్లని రీడింగులు. తేమ తప్పు రోజూ ఒకేలా ఉండదు కాబట్టి 1.3కు బదులు 2 డిగ్రీలు తీసేసి చూశాం, అయినా మైనస్ 18కి సరిపోయాయి. మిగిలిన మూడింటికి రాసినవి మైనస్ 18.2 నుంచి 19.1 మధ్య. వాటిలో రెండు ఇంకా కోల్డ్ స్టోరేజ్‌లోనే ఉన్నాయి. టి-5తో చూస్తే మైనస్ 20 దాటాయి. ఫ్రీజర్ నుంచి తొందరగా తీశారన్న లోపాన్ని రికార్డులో రాసి, నమూనాలు ల్యాబ్‌కి పంపి, ఫలితం వచ్చేదాకా ఆపాం. మూడోది అప్పటికే కంటైనర్‌లో వెళ్లిపోయింది. లోడింగ్ అప్పుడు వేరే థర్మామీటర్‌తో తీసిన రీడింగులు మైనస్ 18 కిందే ఉన్నాయి. ఆ కాగితం జతచేసి, కొనేవారికి చెప్పాలా వద్దా అన్నది మేనేజర్‌గారి సంతకంతో తేల్చాం.

సరుకంతా ఆపే దారి ఎంచుకుంటే గడువు దాటాక మూడు ఫ్రీజర్లలో తయారైన పాతిక రోజుల సరుకు కదిలేది కాదు. కొనేవాడికి తేదీ తప్పేది, చెరువు రైతుకు డబ్బు ఆగేది. పొడిగింపు దారి ఎంచుకుంటే టి-7 ఇంకో నెల అబద్ధం చెబుతూనే ఉండేది. పొడిగింపు నేరమేమీ కాదు, కానీ అది గడువుకి ముందే జరగాలి: పోయిన రెండు మూడు క్యాలిబ్రేషన్లలో సర్దకముందు రీడింగులు నిలకడగా ఉండాలి, ఐసు పరీక్ష సరిగ్గా సాగుతుండాలి, ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. దాటాక రాసేది పాత తేదీ వేసిన కాగితం, ఆడిటర్‌కి అది ఇట్టే దొరుకుతుంది.

ఈమధ్య ఫారంలో చిన్న మార్పు చేశాం. ఐసు పరీక్ష ఆ వారం చేయకపోతే ఆ థర్మామీటర్ నంబరు బోర్డు మీద ఎర్ర అక్షరాల్లోకి మారుతుంది, గడువు ఇంకా ఆరు నెలలున్నా సరే.