జాగ్రత్త: ‘అన్‌సబ్‌స్క్రైబ్’ నొక్కినంత మాత్రాన రిక్రూటర్ దగ్గర మీ వివరాలు చెరిగిపోవు

డబ్బు చెల్లించి రెజ్యూమె ప్రచార సేవ తీసుకోవాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. హైదరాబాదులోని ఒక ప్లేస్‌మెంట్ కన్సల్టెన్సీ దగ్గర నేను అలాంటి ప్యాకేజీ కొన్నాను. దాని గడువు ముగిసి, వేరే మార్గంలో ఉద్యోగం దొరికిన తరువాత కూడా వారి సందేశాలు ఆగలేదు. మెయిల్ అడుగున ఉన్న ‘అన్‌సబ్‌స్క్రైబ్’ నొక్కితే ఆ చిరునామా నుంచి వచ్చేవి ఆగాయి కానీ, వాట్సాప్‌లోనూ, మరో రిక్రూటర్ పేరుతో ఫోన్‌లోనూ అవే ఉద్యోగాలు మళ్ళీ మొదలయ్యాయి.

ఇలా జరగడానికి కారణం ఉంది. ఆ లింకు సాధారణంగా మెయిళ్ళు పంపే సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే సంబంధించినది. మన రెజ్యూమె ఉండేది అభ్యర్థుల వివరాలు దాచే వేరే డేటాబేస్‌లో, అక్కడి నుంచి దించుకున్న ఎక్సెల్ షీట్లలో, ఒక్కొక్క రిక్రూటర్ ఫోన్‌లో. జాబ్ పోర్టల్‌లో మన ప్రొఫైల్ తొలగించినా, అంతకుముందే రిక్రూటర్లు డౌన్‌లోడ్ చేసుకున్న కాపీ వారి దగ్గరే ఉంటుంది.

విసుగు తెప్పించే సందేశాల కంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. పాత రెజ్యూమెను మనల్ని అడగకుండానే ఏదైనా కంపెనీకి పంపితే, తరువాత అదే ఉద్యోగానికి మనం స్వయంగా గాని, మరో కన్సల్టెన్సీ ద్వారా గాని దరఖాస్తు చేసినప్పుడు ‘ఈ అభ్యర్థి ఇప్పటికే వచ్చారు’ అని పక్కన పెట్టే అవకాశం ఉంటుంది. ఒక్కోసారి అది ఇప్పుడు పనిచేస్తున్న సంస్థ హెచ్.ఆర్. విభాగానికే చేరవచ్చు, అప్పుడు సంజాయిషీ చెప్పుకోవలసింది మనమే.

అందువల్ల నేను, రిక్రూటర్‌కు మాత్రమే కాకుండా, సంస్థ వెబ్‌సైట్‌లోని గోప్యతా విధానంలో ఇచ్చిన చిరునామాకు కూడా, నమోదు చేసుకున్న మెయిల్ నుంచే ఈ విధంగా రాశాను:

“నమస్కారం. మీ సేవలు ఉపయోగించుకున్నాను, ధన్యవాదాలు. ప్రస్తుతం నేను ఉద్యోగం వెతకడం లేదు. కింద ఇచ్చిన మెయిల్, ఫోన్ నంబర్లకు సంబంధించిన నా రెజ్యూమెను, ఇతర వివరాలను మీ డేటాబేస్ నుంచి తొలగించవలసిందిగా కోరుతున్నాను. మళ్ళీ పొరపాటున చేరకుండా ఉండేందుకు, ఆ మెయిల్‌ను, నంబర్లను మాత్రం ‘సంప్రదించకూడదు’ అనే జాబితాలో ఉంచండి. నా రాతపూర్వక అంగీకారం లేకుండా నా రెజ్యూమెను ఏ సంస్థకూ పంపవద్దు. ఇప్పటికే ఎవరితోనైనా పంచుకుని ఉంటే, వారికీ ఈ విషయం తెలియజేసి, పని పూర్తయిన తరువాత నాకు ఒక మాట రాయగలరు.”

ఇందులో రెండవ కోరికను, అంటే ‘సంప్రదించకూడదు’ జాబితా సంగతిని, చాలామంది వదిలేస్తారు. పూర్తిగా చెరిపేయమని మాత్రమే అడిగితే, వారు నిజాయితీగా చెరిపినా, మరుసటి నెల ఏదో పోర్టల్ నుంచి కొత్త రెజ్యూమెలు తెచ్చుకున్నప్పుడు మనం మళ్ళీ కొత్త అభ్యర్థిగా అందులో చేరిపోతాము. మనం వద్దన్న సంగతి వారి దగ్గర ఎక్కడో ఒకచోట నమోదై ఉండాలి. రెజ్యూమెలో పాత నంబరు ఉంటే దానినీ లేఖలో రాయాలి, లేకపోతే ఆ నంబరుతో ఉన్న రెండవ ప్రతి అలాగే మిగిలిపోతుంది.

నాకు వచ్చిన జవాబు గురించే అసలు హెచ్చరిక. “మీ గుర్తింపు నిర్ధారణకు తాజా రెజ్యూమె, పాన్ కార్డు ప్రతి పంపండి” అన్నారు. నమోదైన మెయిల్ నుంచే రాస్తున్న వ్యక్తి పేరు తీసేయడానికి ఇవి అవసరం లేదు. నేను ఇవ్వలేదు. అదే మెయిల్ గొలుసులో, “నమోదైన చిరునామా నుంచే రాస్తున్నాను, కావాలంటే ఫోన్‌కు ఓటీపీ పంపి సరిచూసుకోండి” అని మర్యాదగానే బదులిచ్చాను. ఆ తరువాత తొలగించినట్లు ధ్రువీకరణ వచ్చింది. అయితే జీమెయిల్ చిరునామాలో @ గుర్తుకు ముందు `+seva` వంటి మాట చేర్చినా మెయిళ్ళు మనకే వస్తాయి; అలా ఈ సంస్థకు మాత్రమే ఇచ్చిన రూపానికి, నేను ఎన్నడూ పేరు వినని మరో ఏజెన్సీ నుంచి మెయిల్ రావడంతో, వివరాలు ఎక్కడి నుంచి వెళ్ళాయో తేలిపోయింది. ఆ ఏజెన్సీకీ అదే లేఖ పంపవలసి వచ్చింది.

చట్టం పేరు చెప్పి బెదిరించకపోవడానికి నాకు కారణం ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో సమ్మతి ఉపసంహరించుకునే హక్కు, డేటా తొలగించమని కోరే హక్కు ఉన్నాయి. అయితే దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ఈ హక్కులు అమలులోకి రావడానికి అక్కడి నుంచి 18 నెలల వ్యవధి ఇచ్చారు. అంతవరకు తేదీలతో కూడిన మర్యాదైన లేఖే మన దగ్గర ఉండే ఆధారం. ప్రచార ఎస్సెమ్మెస్‌లు, కాల్స్ విషయంలో మాత్రం 1909 అనే నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. వాట్సాప్ సందేశాలు దాని పరిధిలోకి రావు, అక్కడ బ్లాక్ చేయడమే మార్గం.

ఇటువంటి ప్యాకేజీ కొనేవారు డబ్బు కట్టకముందే, ‘భాగస్వామ్య సంస్థలతో పంచుకుంటాము’ అనే వాక్యం నిబంధనలలో ఉందో లేదో చూసి, ఆ సంస్థల పేర్లు, గడువు ముగిసిన తరువాత రెజ్యూమెను ఎంతకాలం ఉంచుకుంటారన్నది మెయిల్‌లో అడిగి తీసుకోండి. నేను అడిగినప్పుడు సేల్స్ వ్యక్తి ఫోన్‌లో మాత్రమే చెప్పారు, ఆ మాటకు నా దగ్గర ఏ ఆధారమూ లేదు.